40 కోట్ల మిల్లు, 22 కోట్ల పుస్తకం: గుడ్‌విల్ 18 కోట్లు ఎందుకు కాదు?

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్లగొండ. షేర్ మార్కెట్‌లో లిస్టయిన ఒక ఆహార ఉత్పత్తుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా కంపెనీ 2025 అక్టోబర్ 1న మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ షేర్లన్నీ 40 కోట్లకు కొన్నది. 36 కోట్లు ఇచ్చేసినం. మిల్లు అనుకున్న లాభం తెస్తే మిగతా 4 కోట్లు రెండేళ్ల తర్వాత ఇయ్యాలె. మిల్లు బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే 22 కోట్లు. అందుకే 18 కోట్లు గుడ్‌విల్ అని రాసిన. ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. యార్డులో ప్రభుత్వం ఆడించమని ఇచ్చిన సీఎంఆర్ వడ్లు కూడా ఉన్నయి, అవి లెక్కలోకి వస్తయా? వాల్యుయర్ ముసాయిదా రిపోర్టు, యార్డు లెక్క జతచేసిన. ఎట్ల చేయాలో చెప్పండి.

జవాబు: మీ కాగితాలన్నీ చదివాను. నా లెక్కలో మీ గుడ్‌విల్ 10.9 కోట్లు. మీ 18కీ దీనికీ మధ్య ఉన్న 7.1 కోట్ల తేడా ఒక్క తప్పు వల్ల వచ్చింది కాదు. కొన్ని ఆస్తులకు విలువ తక్కువ పడింది, ఒక ఆస్తి అసలు పుస్తకంలోనే లేదు, ఒక బాకీ ఎవరూ రాయలేదు, ఇంకో బాకీ మీరు రాయాల్సి ఉంది. ధర వైపు కూడా చిన్న సవరణ ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

ముందుగా, మీరు చేసిన పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. పాత అకౌంటింగ్ స్టాండర్డ్స్‌లో, అంటే ఇప్పటికీ చాలా చిన్న కంపెనీలు పాటించే ఏఎస్ 21లో, పెట్టుబడి ఖరీదులోంచి పిల్ల కంపెనీ పుస్తక విలువను తీసేసి మిగిలినదాన్నే గుడ్‌విల్ అంటారు. మీరు చదువుకున్నప్పుడు అదే నేర్పి ఉంటారు. మీ కంపెనీ లిస్టయినది కాబట్టి, ఒక కంపెనీ ఇంకో వ్యాపారాన్ని కొన్నప్పుడు వాడే ఇండ్ ఏఎస్ 103 అనే స్టాండర్డ్ వర్తిస్తుంది. అక్కడ పుస్తక విలువను పక్కనబెట్టి, కొన్న రోజున ప్రతి ఆస్తికీ ప్రతి బాకీకీ ఫెయిర్ వాల్యూ కట్టాలి. తెలిసిన కొనుగోలుదారుకూ తెలిసిన అమ్మకందారుకూ మధ్య, ఎవరి మీదా ఒత్తిడి లేకుండా ఆ రోజు మార్కెట్‌లో పలికే ధర అది. కొన్న ధరలోంచి ఇలా కట్టిన నికర విలువ తీస్తే మిగిలేదే గుడ్‌విల్. కొన్న రోజు అంటే మిల్లు మీద అధికారం మీ చేతికి వచ్చిన రోజు. అగ్రిమెంట్ ఆగస్టులో రాసుకున్నారు కానీ షేర్లు, డైరెక్టర్ల మార్పు అక్టోబర్ 1న జరిగాయి కాబట్టి మీకు అక్టోబర్ 1 లెక్క. ఆ రోజు యార్డులో ఏముంది, బ్యాంకులో ఎంత బాకీ ఉంది అన్నదే ముఖ్యం.

ఇంకొక మాట. మీరు షేర్లు కొన్నారు కాబట్టి ఈ గుడ్‌విల్ మీ కంపెనీ విడి బ్యాలెన్స్ షీట్‌లో కనిపించదు. అక్కడ మిల్లు షేర్లు పెట్టుబడిగా మాత్రమే ఉంటాయి. గుడ్‌విల్ వచ్చేది రెండు కంపెనీలనూ కలిపి రాసే కన్సాలిడేటెడ్ లెక్కల్లో. మీరు పంపిన ఎంట్రీలో గుడ్‌విల్‌ను విడి పుస్తకంలో వేశారు. దాన్ని ముందు తీసేయండి.

ఇప్పుడు ఆస్తుల దగ్గరికి వద్దాం. అన్నీ కోట్లలో చెబుతాను.

భూమి 12 ఎకరాలు. పుస్తకంలో 1.5 కోట్లు, అది చాలా ఏళ్ల కింద కొన్న ధర. వాల్యుయర్ ముసాయిదాలో ఎకరానికి 1.10 కోట్ల లెక్కన 13.2 కోట్లు వేశారు. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆయన పోల్చి చూసిన అమ్మకాలన్నీ నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు పక్క ప్లాట్లు వేసిన వెంచర్ల ధరలు. అదే రిపోర్టులో తర్వాతి పేజీలో మిల్లు భవనాలకు, యంత్రాలకు 16 కోట్లు, నడుస్తున్న మిల్లుగా వేశారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ప్లాట్లుగా అమ్మాలంటే మిల్లు కూలగొట్టాలి. కూలగొడితే బాయిలర్, డ్రయ్యర్లు, సార్టెక్స్ అన్నీ సెకండ్‌హ్యాండ్ సామాను ధరకే పోతాయి. మిల్లుగా నడపాలంటే ఆ భూమి మిల్లు నడిపే భూమే, మిల్లు కోసం కొనేవాడు ఇచ్చే ధరే దాని ధర.

ఇలాంటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న, ఈ మొత్తాన్ని ఏ వాడకంలో పెడితే ఎక్కువ విలువ వస్తుంది అని. ప్లాట్ల లెక్కన భూమికి 13.2, దానికి కాస్త స్క్రాప్ కలిపి, కూల్చే ఖర్చు తీసేస్తే 14 దరిదాపుల్లో ఉంటుంది. మిల్లు లెక్కన భూమీ భవనాలూ యంత్రాలే 23.5 అవుతాయి. కాబట్టి మిల్లు వాడకమే ఎక్కువ, భూమికి కూడా మిల్లు భూమి ధరే వేయాలి. ఆ రోడ్డు దగ్గర్లో మిల్లు కోసం, గోదాముల కోసం కొన్న భూముల అమ్మకాలు వాల్యుయర్ రిపోర్టు అనుబంధంలోనే నాలుగు ఉన్నాయి. వాటి సగటు ఎకరానికి 62.5 లక్షలు. 12 ఎకరాలకు 7.5 కోట్లు. నేను ఇదే వాడాను. వాల్యుయర్ గారితో మాట్లాడి రిపోర్టు మార్పించండి. ముసాయిదా అంకెనే వాడి ఉంటే భూమి 5.7 కోట్లు ఎక్కువయ్యేది, దాని మీద పన్ను పోను గుడ్‌విల్ దాదాపు 5 కోట్లు తగ్గిపోయేది. గుడ్‌విల్ తక్కువగా కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు, అందుకే ఈ తప్పు చాలా చోట్ల దాటిపోతుంది. పట్టుకోవడానికి గుర్తు ఒక్కటే: భూమికి వాడిన పోలిక అమ్మకాలు ఏ వాడకానివో, యంత్రాలకు వాడిన ఊహ ఏ వాడకానిదో పక్కపక్కన పెట్టి చూడండి.

భవనాలు, యంత్రాలు పుస్తకంలో 14, ఫెయిర్ వాల్యూ 16. ఇక్కడ వాల్యుయర్ చేసిన పద్ధతి బాగుంది. అలాంటి కొత్త యంత్రం ఇప్పుడు ఎంతో తెలుసుకొని, వాడిన ఏళ్లకూ పాతబడిన టెక్నాలజీకీ తగ్గించారు. సార్టెక్స్ మెషిన్ల విలువ తగ్గించి, గోదాముల విలువ పెంచారు. నాకు అభ్యంతరం లేదు.

సొంత సరుకు 9 నుంచి 9.6 అయింది. పెరిగింది తయారైన బియ్యం మీద. తయారైన సరుకును తయారీ ఖర్చుకు వదిలేయకుండా, అమ్మే ధరలోంచి అమ్మకం ఖర్చునూ, అమ్మిపెట్టినందుకు వచ్చే మామూలు లాభాన్నీ తీసి విలువ కడతారు. మిల్లాడించిన లాభం పాత యజమాని సంపాదించేశాడు, అది ఆ రోజుకే సరుకులో ఉంది కాబట్టి. దీని వల్ల తర్వాతి మూడు నెలల్లో ఆ బియ్యం అమ్మినప్పుడు మీ కన్సాలిడేటెడ్ లాభం కాస్త పల్చగా కనిపిస్తుంది. మేనేజ్‌మెంట్ అడిగితే కారణం ఇదేనని చెప్పండి.

రావలసిన బాకీలు 6 కోట్లు పుస్తకంలో. ఇద్దరు డీలర్ల దగ్గర 80 లక్షలు రెండేళ్లుగా కదలలేదు. 5.2 వేయండి. నగదు 0.5, అందులో మార్పు లేదు.

పుస్తకంలో 'గుడ్‌విల్ 2.00' అని ఒక వరుస ఉంది చూడండి. మిల్లు కంపెనీ ఒకప్పుడు పక్క మిల్లును కొన్నప్పుడు రాసుకున్నది. దానికి మీ లెక్కలో విలువ సున్నా. అది విడిగా గుర్తించి, విడిగా అమ్మగలిగే ఆస్తి కాదు. అందులో నిజంగా ఏదైనా విలువ మిగిలి ఉంటే మీ కొత్త గుడ్‌విల్‌లోనే కలిసిపోతుంది. ఇది వదిలేస్తే పాత గుడ్‌విల్ మీద కొత్త గుడ్‌విల్ కట్టినట్టవుతుంది.

ఇక పుస్తకంలో లేని ఆస్తి, బియ్యం బ్రాండు. ఆ పేరుతో హైదరాబాద్ దుకాణాల్లో 25 కిలోల బస్తాలు అమ్ముతున్నారు, సంవత్సరానికి 40 కోట్ల అమ్మకం. పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టరై ఉంది. సొంతంగా పెంచుకున్న బ్రాండును మిల్లు కంపెనీ తన పుస్తకంలో వేసుకోలేదు, వేసుకోకూడదు కూడా. కానీ మీరు కొన్నారు కాబట్టి మీరు వేయాలి. చట్టపరమైన హక్కు ఉంటే చాలు, అమ్మే ఉద్దేశం లేకపోయినా అది గుర్తించదగిన ఆస్తే. విలువ ఎలా కట్టారంటే, ఆ పేరు మనది కాకపోతే వాడుకున్నందుకు ఏడాదికి ఎంత రాయల్టీ కట్టాల్సి వచ్చేదో చూశారు. అమ్మకం మీద 1.5 శాతం అంటే 60 లక్షలు. పన్ను పోను 45 లక్షలు. పదిహేనేళ్లపాటు ఆ 45 లక్షలు మిగులుతాయనుకొని 12.5 శాతం రేటుతో నేటి విలువకు తెస్తే దాదాపు 3 కోట్లు. ఇందులో బలహీనమైన అంకె 1.5 శాతమే. అది 1 శాతమైతే బ్రాండు 2 కోట్లకు దిగుతుంది. ఆ శాతం ఏ లైసెన్సు ఒప్పందాలు చూసి తీసుకున్నారో వాల్యుయర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఆడిటర్ గారు అడగబోయే మొదటి ప్రశ్న అదే.

మంచి మర పట్టే ఆపరేటర్లు, హమాలీల జట్లు, నలభై ఏళ్లుగా ఉన్న గుమస్తా, వీళ్ల వల్లే మిల్లు నడుస్తుందని మీ మేనేజర్ రాశారు. అది నిజమే అయినా మనుషుల జట్టుకు విడిగా ఆస్తి వరుస ఉండదు. వాళ్లు కంపెనీ సొత్తు కాదు, రేపు పక్క మిల్లుకు పోవచ్చు. వాళ్ల విలువ గుడ్‌విల్‌లోనే ఉంటుంది.

సీఎంఆర్ వడ్ల గురించి మీరు అడగడం మంచిదైంది. మన జిల్లాల్లో మిల్లు కొనేవాళ్లు నిజంగా నష్టపోయేది ఇక్కడే.

కస్టమ్ మిల్లింగ్ కింద ప్రభుత్వం రైతుల దగ్గర కొన్న వడ్లను మిల్లుకు ఇస్తుంది. వడ్లు ప్రభుత్వానివే. మిల్లు వాటిని ఆడించి పచ్చి బియ్యమైతే క్వింటా వడ్లకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. కాబట్టి యార్డులో ఆ వడ్లు ఎంత ఎత్తున ఉన్నా మీ ఆస్తుల వైపు ఒక్క రూపాయి రాదు. మీ యార్డు లెక్కలో అక్టోబర్ 1న 22,500 క్వింటాళ్ల సీఎంఆర్ వడ్లు ఉన్నాయి. క్వింటాకు 2,400 వేస్తే 5.4 కోట్లు. పొరపాటున సొంత సరుకులో కలిపితే దాని మీద పన్ను పోను మిగిలిన మేర గుడ్‌విల్ తప్పుడు లెక్కలో తగ్గిపోయేది. సొంత వడ్లూ ప్రభుత్వ వడ్లూ పక్కపక్క కుప్పల్లో ఉంటాయి కాబట్టి ఇది కావాలని చేయకపోయినా జరుగుతుంది. లారీ లెక్కలు, ట్రక్ షీట్లు పట్టుకొని ఏ కుప్ప ఎవరిదో విడదీయాలి.

మీరు అడగని సగం అంతకన్నా ముఖ్యం. ఆ మిల్లుకు ఆ సీజన్‌లో 60,000 క్వింటాళ్ల వడ్లు ఇచ్చారని రిజిస్టర్‌లో ఉంది. పచ్చి బియ్యం లెక్కన 40,200 క్వింటాళ్ల బియ్యం అప్పజెప్పాలి. అక్టోబర్ 1 వరకు 20,100 క్వింటాళ్లు ఇచ్చారు. ఇంకా 20,100 క్వింటాళ్ల బియ్యం బాకీ. అన్ని బియ్యం రావాలంటే యార్డులో 30,000 క్వింటాళ్ల వడ్లు ఉండాలి. ఉన్నవి 22,500. 7,500 క్వింటాళ్లు లేవు. ఆరబెట్టినప్పుడు పోయాయా, ఎక్కడికైనా కదిలాయా అన్నది వేరే విచారణ. మీ లెక్కకు సంబంధించి, ఆ కొరతను కంపెనీ పూడ్చాల్సిన బాధ్యత అక్టోబర్ 1నాటికే ఉంది. యజమాని మారాడని బాధ్యత పోదు, ఎందుకంటే మీరు కొన్నది కంపెనీ షేర్లు, బాధ్యత కంపెనీది. క్వింటాకు రవాణా కలిపి 2,400 చొప్పున 1.8 కోట్లు. ఇది మిల్లు బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడా లేదు. మీరు బాకీగా రాయాలి. జరిమానాలు పడతాయా లేదా తేలలేదు కాబట్టి నేను వడ్ల ధరే వేశాను. ఆ సంగతి మీ లీగల్ సలహాదారు తేల్చాలి.

ఇక్కడ అగ్రిమెంట్ చదవండి. ఇలాంటి పాత బకాయిలు బయటపడితే అమ్మినవాళ్లే భరిస్తారని ఒక షరతు ఉంటే, బాకీ 1.8 రాస్తూనే, వాళ్ల దగ్గర రావలసిన ఆస్తిగా కూడా 1.8 రాయాలి, వాళ్లు కట్టగలరా అన్న అనుమానం ఉంటే ఆ మేర తగ్గించి. అప్పుడు ఈ బాకీ గుడ్‌విల్‌ను పెంచదు. మీరు పంపిన ప్రతిలో ఆ షరతు నాకు కనబడలేదు. అనుబంధ పత్రాల్లో ఉందేమో వెతకండి.

ఇప్పుడు మిగిలింది పన్ను. చాలామంది దీన్ని మరచిపోతారు, అర్థం చేసుకోవడం మాత్రం కష్టం కాదు. మీరు భూమిని 7.5 అని రాస్తున్నారు. ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకు మాత్రం ఆ భూమి ఇంకా 1.5 కోట్లే, ఎందుకంటే కంపెనీ మారలేదు, షేర్లు చేతులు మారాయి అంతే. ఎప్పుడైనా భూమిని 7.5కు అమ్మితే 6 కోట్ల మీద మూలధన లాభం పన్ను కట్టాలి. దీర్ఘకాల రేటు 12.5 శాతంతో 75 లక్షలు, సర్‌ఛార్జీ, సెస్సు పక్కనబెడితే. ఆ పన్నును ఇప్పుడే వాయిదా పన్ను బాకీగా రాయాలి. అలాగే యంత్రాలను మీరు 16 అని రాసి అరిగిస్తారు, పన్ను లెక్కలో 14 మీదే తరుగుదల వస్తుంది. బ్రాండు మీద పన్ను లెక్కలో ఏమీ లేదు. ఇలా భూమి కాక మిగిలిన తేడాలన్నీ కలిపితే: యంత్రాలు 2, సరుకు 0.6, బ్రాండు 3, వీటిలోంచి బాకీల తగ్గుదల 0.8, వడ్ల కొరత 1.8 తీసేస్తే సరిగ్గా 3 కోట్లు. వడ్ల కొరత పూడ్చే ఖర్చు వ్యాపార ఖర్చుగా ఒప్పుకుంటారని అనుకున్నాను. 25 శాతం వేస్తే మరో 75 లక్షలు. మొత్తం వాయిదా పన్ను 1.5 కోట్లు. (పన్ను పుస్తకంలో విలువలు కంపెనీ పుస్తకంతో సమానమని ఇక్కడ అనుకున్నాను. నిజానికి యంత్రాల పన్ను విలువ వేరుగా ఉంటుంది. ఆ అంకె మీ టాక్స్ ఆడిట్ రిపోర్టులోంచి తెచ్చి సరిచేయండి.)

గుడ్‌విల్ మీద మాత్రం వాయిదా పన్ను వేయకూడదు. వేస్తే బాకీ పెరుగుతుంది, బాకీ పెరిగితే గుడ్‌విల్ పెరుగుతుంది, దాని మీద మళ్లీ పన్ను, ఇలా తిరుగుతూనే ఉంటుంది. అందుకే స్టాండర్డే దాన్ని ఆపేసింది.

అంతా ఒకచోట పెడితే ఇలా ఉంటుంది.

| కోట్లలో | పుస్తకం | ఫెయిర్ వాల్యూ |
|---|---|---|
| భూమి | 1.5 | 7.5 |
| భవనాలు, యంత్రాలు | 14.0 | 16.0 |
| సొంత వడ్లు, బియ్యం | 9.0 | 9.6 |
| రావలసిన బాకీలు | 6.0 | 5.2 |
| నగదు, బ్యాంకు | 0.5 | 0.5 |
| బ్రాండు | – | 3.0 |
| పాత గుడ్‌విల్ | 2.0 | – |
| బ్యాంకు అప్పు, చెల్లించాల్సినవి | (11.0) | (11.0) |
| సీఎంఆర్ కొరత | – | (1.8) |
| వాయిదా పన్ను | – | (1.5) |
| నికరం | 22.0 | 27.5 |

ధర వైపు చూద్దాం. మీరు 40 కోట్లు అన్నారు, నేను 38.4 అంటున్నాను. 36 చేతికిచ్చారు, అందులో వివాదం లేదు. మిగతా 4 కోట్లు రెండేళ్ల తర్వాత, అది కూడా లాభం వస్తేనే. ఆ మాటకు కొన్న రోజున విలువ 4 కోట్లు కాదు. మీ మేనేజ్‌మెంట్ అంచనాలు చూస్తే ఆ లాభం వచ్చే అవకాశం 75 శాతం. అంటే 3 కోట్లు. రెండేళ్ల దూరంలో ఉన్న 3 కోట్లను 12 శాతం రేటుతో నేటికి తెస్తే దాదాపు 2.4. ఇదే ధరలో కలిపేది. లాయర్ ఫీజు, వాల్యుయర్ ఫీజు, పరిశీలనకు పెట్టిన ఖర్చు 40 లక్షలు మీరు ఇంకో కాగితంలో చూపించారు. అవి మిల్లు అమ్మినవాళ్లకు పోలేదు కాబట్టి ధరలో కలవవు. కన్సాలిడేటెడ్ లెక్కల్లో ఆ ఏడాది ఖర్చుగా పోతాయి.

38.4లోంచి 27.5 తీస్తే 10.9 కోట్లు. ఇదీ గుడ్‌విల్.

ఈ అంకెను ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్లే ముందు ఒక్క విషయం చూసుకోండి. పాత యజమాని రెండేళ్లు మిల్లు మేనేజర్‌గా ఉంటారని మీరు రాశారు. అగ్రిమెంట్‌లో ఆ 4 కోట్ల షరతు ఎలా ఉంది? మధ్యలో ఉద్యోగం మానేస్తే ఆ డబ్బు రాదని ఉంటే, పేరు ఏదైనా కావచ్చు, అది మిల్లు ధర కాదు, ఆయన జీతం. అప్పుడు ఆ 2.4 ధరలోకి రాదు, రెండేళ్లలో జీతం ఖర్చుగా పోతుంది, గుడ్‌విల్ 8.5 అవుతుంది. ఉన్నా మానేసినా లాభం వస్తే ఇస్తాం అని ఉంటే మాత్రం 10.9 నిలుస్తుంది. ఒక్క వాక్యం మీద 2.4 కోట్లు ఆధారపడి ఉంది కాబట్టి ఆ పేజీ జిరాక్స్ తీసి మీ లెక్కలకు జతచేయండి.

ఆ 10.9 కోట్లలో ఏముంది అని మీ డైరెక్టర్లు అడుగుతారు. వార్షిక నివేదికలో రెండు వాక్యాలు రాయాల్సి ఉంటుంది కూడా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు మధ్యలో మిల్లు ఉండటం, వడ్లు దగ్గర్లోనే దొరకడం, పని తెలిసిన జట్టు, మీ సొంత ప్యాకింగ్ యూనిట్‌కు బియ్యం నేరుగా రావడం వల్ల మిగిలే కమిషన్, ఇవి మీ సందర్భంలో నాకు కనిపించేవి. ఈ నాలుగూ కలిపి 10.9 కోట్లకు తూగుతాయా అని మీరే లెక్కవేసి చూడండి. కమిషన్ మిగులు ఏడాదికి 20 లక్షలు కూడా రాదని తేలితే, ధర ఎక్కువ పెట్టామేమో అన్న ప్రశ్న ఇప్పుడే రావాలి. ఎందుకంటే ఈ గుడ్‌విల్‌ను ఏటా ఇంతని తగ్గించుకుంటూ పోరు. ప్రతి ఏటా కనీసం ఒకసారి పరీక్షిస్తారు. మిల్లు వ్యాపారం నుంచి వచ్చే డబ్బు నేటి విలువ, ఖర్చులు పోను మిల్లును అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో ఎక్కువైనది కూడా పుస్తకంలో ఉన్న ఆస్తులూ గుడ్‌విల్ కలిసిన మొత్తానికి తక్కువగా ఉంటే ఆ మేర ఒకేసారి నష్టం రాయాలి. ఒకసారి రాశాక మళ్లీ పెంచడం కుదరదు. ఇన్‌కమ్ టాక్స్‌లో ఆశ పెట్టుకోకండి. 2021 ఫైనాన్స్ చట్టం తర్వాత గుడ్‌విల్ మీద తరుగుదల రాదు. మీరు షేర్లు కొన్నారు కాబట్టి అసలు ఆ ప్రశ్నే రాదు.

ఇక చివరగా, ఈ అంకెలు ఇవాళే రాతిలో చెక్కేయాల్సినవి కావు. కొన్న రోజు నుంచి గరిష్ఠంగా ఒక ఏడాది, అంటే 2026 సెప్టెంబర్ 30 వరకు, సవరించే వీలుంది. అయితే ఏ సవరణ గుడ్‌విల్‌లోకి పోతుంది, ఏది లాభనష్టాల్లోకి పోతుంది అన్నది జాగ్రత్తగా విడదీయాలి. రేపు మళ్లీ తూకం వేసినప్పుడు అక్టోబర్ 1నాటికే కొరత 7,500 కాదు, 9,000 క్వింటాళ్లు అని తేలిందనుకోండి. అది కొన్న రోజు ఉన్న నిజమే, అప్పుడు మనకు తెలియలేదు. 1,500 క్వింటాళ్లకు 36 లక్షల బాకీ పెరుగుతుంది, దాని మీద పన్ను 9 లక్షలు తగ్గుతుంది, గుడ్‌విల్ 27 లక్షలు పెరిగి 11.17 అవుతుంది. అదే అక్టోబర్ చివరి వానలకు కుప్పలు తడిసి 1,500 క్వింటాళ్లు మొలకెత్తితే, అది మీ యాజమాన్యంలో జరిగింది. ఆ నష్టం మీ లాభనష్టాల్లో పడుతుంది, గుడ్‌విల్ కదలదు. మిల్లు లక్ష్యం దాటి ఆ 4 కోట్లూ ఇవ్వాల్సి వస్తే 2.4కీ 4కీ ఉన్న తేడా కూడా అంతే, లాభనష్టాల్లోనే.

అందుకే యార్డు లెక్క కాగితం మీద తేదీ, తూకం వేసిన మనిషి సంతకం, కుప్పల ఫొటోలు, ఆ రోజు వరకు వచ్చిన ట్రక్ షీట్ల చివరి నంబరు అన్నీ ఉండాలి. మీరు పంపిన కాగితంలో తేదీ అక్టోబర్ 9 ఉంది. 1 నుంచి 9 వరకు ఎన్ని క్వింటాళ్లు ఆడించారో, ఎన్ని లారీలు బయటికి పోయాయో రిజిస్టర్‌లోంచి తీసి వెనక్కి లెక్కకట్టి, 22,500 అన్నది అక్టోబర్ 1 అంకెనా 9వ తేదీ అంకెనా ముందు తేల్చండి. 9వ తేదీదైతే పై లెక్కలో సీఎంఆర్ వరుస, వాయిదా పన్ను వరుస, గుడ్‌విల్ మూడూ మారతాయి.